330 మైక్రోఆంప్‌లు అనగానే అనుమానం వచ్చేవాళ్లు కావాలి

బోర్డు నిద్రలో ఉంది, మీటర్ మాత్రం 330 మైక్రోఆంప్‌లు చూపిస్తోంది. ఉండాల్సింది పదిలోపు.

ఈ అంకె వినగానే "3.3 వోల్టులు, 10 కిలోఓమ్‌ల పుల్-అప్... ఏదో పిన్నుని సున్నాలో పెట్టి పడుకోబెట్టారు" అనేవాళ్లెవరైనా మీకు తెలుసా? అలాంటి ఫర్మ్‌వేర్ ఇంజినీర్ కావాలి. ఆఫీసు వైజాగ్‌లోనే, గాజువాక వైపు.

2000 మిల్లీఆంప్-అవర్ బ్యాటరీ ఈ ఒక్క లీకేజీకే ఎనిమిది నెలల్లో ఖాళీ. కస్టమర్‌కి చెప్పింది ఐదేళ్లు!

సీ భాషలో రిజిస్టర్ల దాకా దిగి పనిచేసుండాలి. రెడీమేడ్ లైబ్రరీల దగ్గరే ఆగిపోయినవాళ్లు వద్దు, ఏమనుకోకండి. డిగ్రీ ఏదైనా పర్లేదు.

రెజ్యూమెలు గుట్టగా పంపకండి బాబూ. ఒక్కరే చాలు. ముందు వాళ్లని అడిగి, "వీళ్ల పని నేను చూశాను" అని ఒక ముక్క రాసి వాట్సాప్‌లో మా ఇద్దరినీ కలపండి.