స్క్రీన్ మీద ఏడు వేలు లాభం, వాలెట్‌లో పద్దెనిమిది వేలు నష్టం

క్రిప్టో కాయిన్లని ఒక నిమిషం చార్ట్ చూసి కొని అమ్మే ట్రేడింగ్‌లో నా లెక్క ఈమధ్యే తేలింది, ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టి వేడి మీదే రాస్తున్నా.

క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో అకౌంట్ తెరవడం, పాన్, ఆధార్, సెల్ఫీ అన్నీ ఓ పావుగంట పని. చార్ట్ నేర్చుకోవడం కూడా పెద్ద కష్టమేం కాదు. ఒక్కో నిమిషంలో ధర ఎంత కదిలిందో చూపే క్యాండిల్స్, వాటి మీద రెండు మూవింగ్ యావరేజ్‌లు, కింద వాల్యూమ్, అంతే. ఈ గోలలోకి నన్ను దింపింది టెలిగ్రామ్‌లో క్లాసులు చెప్పే ఒక గురువుగారు. ఆయన ఇచ్చిన లింక్‌తోనే అకౌంట్ తెరిచాను. ఆ లింక్ సంగతి తర్వాత చెప్తా.

మొదటి రెండు రోజులు స్పాట్‌లో, అంటే కాయిన్‌నే నేరుగా కొని అమ్మే చోట, పది వేలతో ఆడాను. అమ్మిన ప్రతిసారీ మొత్తం సొమ్ము మీద ఒక శాతం టీడీఎస్ కోస్తారు, లాభం మీద కాదు. పది వేలకు అమ్మితే వంద పోయినట్టే. 20 సార్లు కొని అమ్మేసరికి, ధర ఎక్కడున్నది అక్కడే ఉన్నా, పద్దెనిమిది వందల పైచిలుకు టీడీఎస్‌లో ఇరుక్కుపోయింది. రిటర్న్ వేశాక సర్దుబాటు అవుతుంది నిజమే, కానీ అప్పటిదాకా ఆ డబ్బుతో ఆడలేం కదా. పైగా కాయిన్ లాభానికి 30 శాతం పన్ను, దాని మీద సెస్, ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకునే వీలు కూడా లేదు. నిమిషాల మీద కొని అమ్మేవాడికి స్పాట్ పనికిరాదని రెండో రోజే అర్థమైంది. కాయిన్ కొనకుండా దాని ధర మీద మాత్రమే ఆడే ఫ్యూచర్స్‌కి మా ఎక్స్ఛేంజ్‌లో టీడీఎస్ కోయరని ఒక ఫ్రెండ్ చెప్తే అటు వెళ్ళాను.

అక్కడ మొదటి వారం చిన్న కాయిన్లు పట్టుకున్నా, బాగా ఎగురుతాయి కదా అని. కొన్న క్షణమే పొజిషన్ ఎర్రగా కనిపించేది. నా ఫోన్ స్లో అనుకున్నా. తర్వాత ఆర్డర్ బుక్ తెరిచి చూస్తే కొనేవాడి ధర 0.4182, అమ్మేవాడి ధర 0.4186. తేడా నాలుగు అంకెలే అనిపిస్తుంది గానీ లక్ష రూపాయల పొజిషన్ మీద అది 96 రూపాయలు. చార్ట్‌లో గీత మాత్రం చివరగా జరిగిన ధర చూపిస్తుంది, మనకు దొరికే ధర కాదు. అందుకే గీత నా టార్గెట్‌ని ముట్టుకుని వెనక్కి పోయినా నా ఆర్డర్ అలాగే కూర్చునేది. సరే, ఆ రెండు ధరల తేడా, అంటే స్ప్రెడ్, దాదాపు కనిపించని పెద్ద కాయిన్‌కి మారాను. ఇక్కడిదాకా బాగానే ఉంది.

అసలు అవమానం ఇక్కడి నుంచి. 40,000 వేశాను. ఒక్కో ట్రేడ్‌కి మార్జిన్‌గా నా చేతి డబ్బు పది వేలు, పది రెట్ల లెవరేజ్, అంటే దాంతో ఆడే పొజిషన్ లక్ష. టార్గెట్ 200 రూపాయల లాభం, స్టాప్‌లాస్ 150 నష్టం. 19 రాత్రులు, ఒక్కో రాత్రి నాలుగైదు గంటలు, మొత్తం 212 ట్రేడ్లు. 123 గెలిచాను. అంటే 58 శాతం, కాస్త గర్వంగానే చెప్తున్నా, మా గ్రూపులో ఎవడికీ అంత లేదు. మా ఆవిడ అన్నానికి పిలిస్తే "ఒక్క క్యాండిల్ అయ్యాక వస్తా" అనడం, ఆవిడ గిన్నెల మీద మూతలు పెట్టేసి పడుకోవడం. `Realised P&L` అన్నచోట పచ్చగా 7,010 కనిపిస్తుంటే నేను మాత్రం ఏం చేయను చెప్పండి.

వాలెట్ చూస్తే 21,994.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశా. 40 వేలకు ఏడు వేలు కలిస్తే 47 ఉండాలి కదా. యాప్‌వాళ్ళు నొక్కేశారని సపోర్ట్ చాట్‌లో గంటసేపు గొడవపడ్డాను, కన్స్యూమర్ కోర్టు దాకా వెళ్తానన్నాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా "ట్రేడ్ హిస్టరీ డౌన్‌లోడ్ చేసి ఫీజు కాలమ్ కూడండి సర్" అని మూడుసార్లు చెప్పింది. మూడోసారికి చేశాను. 25,016. ఆ అమ్మాయికి సారీ చెప్పకుండా చాట్ మూసేశా, అది ఇప్పటికీ గుచ్చుతోంది.

ఫీజు 0.05 శాతం అంటే పట్టించుకోలేదు. అది నా పది వేల మీద కాదు, లక్ష మీద. కొన్నప్పుడు 50, అమ్మినప్పుడు 50, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 118. మార్కెట్ ఆర్డర్ వేస్తే చూసిన ధర కంటే కాస్త జారి దొరకడం వల్ల సగటున ఇంకో 20. అంటే ట్రేడ్‌కి 138 ముందే పోయింది. గెలిస్తే 200లో మిగిలేది 62, ఓడితే పోయేది 288. ఖర్చు లేకపోతే వందకి 43 గెలిచినా గట్టెక్కేవాణ్ణి. ఈ ఖర్చుతో 82కి పైన గెలవాలి. గురువుగారు రిస్క్ రివార్డ్ గురించి రెండు గంటల క్లాసు చెప్పారు, ఈ లెక్క ఒక్క నిమిషం చెప్పలేదు. ఎందుకు చెప్తారు? ఆ రెఫరల్ లింక్ వల్ల నేను కట్టిన ఫీజులో ఆయనకు వాటా ఉంది. నేను గెలిచినా ఓడినా, ఎక్కువసార్లు నొక్కితే చాలు ఆయనకు.

మా బాబాయ్ గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. ఆదివారం ఇంటికొస్తే ఏదో పెద్ద టెక్నాలజీ చూపిస్తున్నట్టు చార్ట్ చూపించా. రెండు నిమిషాలు చూసి, "ఒరేయ్, ఒక్కసారి కొని అమ్మితే కమీషనూ కాటా హమాలీ కలిపి ఎంత పడుతుంది?" అన్నాడు. 138 అన్నా. "ఆ నిమిషంలో సరుకు ఎంత కదులుతుంది?" గత వందో రెండొందలో క్యాండిల్స్ చూస్తే పైనుంచి కిందికి లక్షకి సుమారు వంద. "మరి టిక్కీ దించిన చోటే మళ్ళీ ఎత్తించి హమాలీ ఇస్తున్నావు కదరా" అని టీ తాగి వెళ్ళిపోయాడు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, నాకు తట్టాల్సిన ప్రశ్న అది.

పంతం వదలక ఇంకోటి ప్రయత్నించా. నా ధర నేనే చెప్పి, అది వచ్చేదాకా ఆగేలా `Post Only` పెట్టి లిమిట్ ఆర్డర్ వేస్తే ఫీజు 0.02 శాతమే, రానూపోనూ జీఎస్టీతో 47 రూపాయలు. కాగితం మీద బ్రహ్మాండం. శనివారం 40 ఆర్డర్లు వేస్తే 23 దొరికాయి. దొరకని 17 చార్ట్‌లో వెనక్కి వెళ్ళి చూస్తే, 14 నా టార్గెట్ దాకా వెళ్ళినవే. మంచివి నన్ను ఆగి ఎక్కించుకోవు, పడిపోయేవి మాత్రం తప్పకుండా నా ధర మీదుగా పడతాయి. పైగా స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డరే కాబట్టి ఓడినప్పుడు బయటికి రావడానికి ఎలాగూ 0.05 కట్టాలి. ఆ రోజు రాత్రి పదకొండు దాటాక వేసినవి వేరే చూసుకుంటే ఇంకా ఘోరం, నిద్రమత్తులో సిగ్నల్ లేకుండానే నొక్కినవి ఆరు.

ఇప్పుడు మొదలుపెడుతున్నవాళ్ళుంటే, డబ్బు వేయకముందే మీ ఎక్స్ఛేంజ్ ఫీజుని పొజిషన్ మొత్తం మీద లెక్కేసి, జీఎస్టీ కలిపి, పక్కన ఒక క్యాండిల్ సగటు ఎత్తు రాసుకోండి. ఖర్చు అందులో ఐదో వంతు దాటితే ఆ చార్ట్ మూసేయండి, ఇది నా సొంత కొలత, శాస్త్రం కాదు. 15 నిమిషాల చార్ట్‌లో కదలిక సుమారు నాలుగు రెట్లు ఉంటుంది, ఫీజు అంతే. నేను దాన్ని నోట్‌బుక్‌లో ఉత్తుత్తి ట్రేడ్లతో చూస్తున్నా, లక్షకి నాలుగొందల కదలికలో 138 అంటే మూడో వంతు, ఇంకా నా కొలతకే అందలేదు.

మిగిలిన డబ్బు ఇవాళ పొద్దున బ్యాంకుకి పంపించేశా. స్పాట్‌లో కోసిన ఆ పద్దెనిమిది వందలు నా పేరు మీద కోసిన టీడీఎస్ లెక్క చూపే 26ఏఎస్‌లో కనిపిస్తున్నాయో లేదో ఇంకా చూడాలి.