స్క్రీన్ పీడీఎఫ్ ఒకలా, ప్రింట్ పీడీఎఫ్ ఇంకోలా: క్లయింట్‌కు రాసిన వివరణ

ఒక కంపెనీ బ్రోచర్ పూర్తిచేసి రెండు పీడీఎఫ్‌లు పంపాను. ఒకటి మెయిల్‌లో పంపుకోవడానికి, రెండోది ప్రెస్‌కి. క్లయింట్ రెండిటినీ ఫోన్‌లోనే తెరిచి చూసి జవాబిచ్చారు: "ప్రెస్ ఫైల్‌లో మా లోగో నీలం చచ్చిపోయిందండీ. అక్షరాలు నల్లగా లేవు, బూడిదరంగులో ఉన్నాయి. చుట్టూ ఏవో గీతలు. మొదటి ఫైలే బాగుంది, ప్రెస్‌కి అదే ఇచ్చేస్తాను."

ఆ చివరి మాట చూశాక ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలేస్తే కుదరదనిపించింది. "ప్రింట్‌లో బాగానే వస్తుంది, నమ్మండి" అనేస్తే పని తొందరగా అయిపోతుంది. కానీ ఆయన కళ్లకు కనిపించింది అబద్ధం కాదు. తేడా ఉంది, దాన్ని కావాలనే పెట్టాను. అందుకే కూర్చుని వివరంగా రాశాను.

ముందు నీలం సంగతి. ఆ లోగోను మొదట వెబ్‌సైట్ కోసం చేయించుకున్నారు. ఆర్జీబీలో దాని విలువ 0, 0, 255. అంటే ఎరుపు, ఆకుపచ్చ దీపాలు ఆర్పేసి నీలం ఒక్కటే పూర్తిగా వెలిగించినట్టు. స్క్రీన్ తనంతట తాను వెలుగునిస్తుంది. కాగితం అలా కాదు, తనమీద పడ్డ వెలుగులో సిరా మింగేయగా మిగిలినదే మన కంటికి చేరుతుంది. పైగా ప్రెస్‌లో నీలం అనే సిరా లేదు. నీలిపచ్చగా ఉండే సయాన్ మీద ముదురు గులాబీ మెజెంటా వేసి నీలం రప్పించాలి. రెండు పొరలూ వెలుగును మింగుతాయి కాబట్టి స్క్రీన్ మీది మెరుపు ఆ దారిలో రానే రాదు. నారింజ, చిలకపచ్చ లాంటివీ ఇలాగే తగ్గుతాయిగానీ, ఇంత నిండు నీలానికి పడే దెబ్బ మరీ పెద్దది.

ఇంకో చిక్కు ఉంది. ఫొటోషాప్‌లో అమెరికా డిఫాల్ట్ సెట్టింగులతో ఈ నీలాన్ని సీఎంవైకేలోకి, అంటే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు ప్రెస్ సిరాల లెక్కలోకి మారిస్తే సయాన్ 88, మెజెంటా 77 శాతం వస్తాయి. మెజెంటా సయాన్‌కి అంత దగ్గరగా వచ్చిందంటే అచ్చులో ఊదా రంగువైపు వాలిపోతుంది. రెండిటి మధ్య కనీసం 30 శాతం తేడా ఉంచడం మా పనిలో పాత అలవాటు. అందుకే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెలు వదిలేసి సయాన్ 100, మెజెంటా 65 అని చేత్తో పెట్టాను. ఆయనకు చచ్చిపోయినట్టు కనిపించిన నీలం అదే. మెరుపు తగ్గినా అది నీలంగానే అచ్చవుతుంది.

ఇక్కడే ఇంకో మాట కూడా చేర్చాను: సీఎంవైకే ఫైల్‌ను ఫోన్‌లో చూసి రంగు తేల్చకండి. చూపించే ప్రతి యాప్ ఆ సిరా అంకెలను తనకు తోచిన పద్ధతిలో స్క్రీన్ రంగులుగా మార్చుకుంటుంది. ఏ సిరా అంకె కాగితం మీద ఏ రంగుగా కనిపిస్తుందో చెప్పే కలర్ ప్రొఫైల్ ఫైల్‌లో ఉన్నా, కొన్ని యాప్‌లు దానివైపు చూడనే చూడవు. ఒకే ఫైల్ ఒకచోట పాలిపోయి, ఇంకోచోట కొట్టొచ్చినట్టు కనిపించడం మామూలే.

నలుపు గురించి ఎక్కువే రాయాల్సి వచ్చింది, ఎందుకంటే ఇక్కడ కంటికి కనిపించేది ఒకటి, జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. స్క్రీన్ ఫైల్‌లో అక్షరాల విలువ 0, 0, 0. ప్రెస్ ఫైల్‌లో ఒక్క నల్ల సిరా, అది 100 శాతం. ఒక్క సిరా నలుపు కాగితం మీద కాస్త లేతగానే ఉంటుందని ప్రొఫైల్‌కు తెలుసు. అందుకని అక్రోబాట్ దాన్ని స్క్రీన్ మీద దాదాపు 35, 31, 32గా చూపిస్తుంది. ఆయనకు కనిపించిన బూడిద అదే.

మరి స్క్రీన్ ఫైల్‌నే ప్రెస్‌కి ఇస్తే? అదే సెట్టింగుల్లో 0, 0, 0ని మారిస్తే సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 అవుతుంది. మొత్తం 300 శాతం సిరా. అంటే ప్రతి చిన్న అక్షరం సిరాకొకటి చొప్పున ఉండే నాలుగు అచ్చు ప్లేట్ల మీదికి ఎక్కుతుంది. యంత్రంలో కాగితం వెంట్రుకవాసి కదిలినా నాలుగూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. 8 పాయింట్ల అక్షరానికి ఒకవైపు గులాబీ అంచు, ఇంకోవైపు నీలం అంచు తేలుతుంది. చదివేవాళ్లకు కారణం తెలియదు, అక్షరం మసకగా ఉందనిపిస్తుంది అంతే. ఒక్క ప్లేట్ మీద ఉన్న అక్షరానికి ఈ బాధ లేదు.

"మరి కవర్ మీది నల్లపట్టీ చిక్కగా ఉంది, లోపల ఎందుకు లేదు?" అని వెంటనే అడిగారు. మంచి ప్రశ్నే. పెద్ద వైశాల్యంలో ఒక్క నల్ల సిరా వేస్తే వెలిసిపోయినట్టుంటుంది. అందుకే పట్టీకి నలుపు 100తోపాటు సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40 కలిపాను. మొత్తం 240, ప్రెస్ చెప్పిన 300 పరిమితికి లోపలే. పెద్ద పట్టీలో అంచు కాస్త అటూఇటూ అయినా ఎవరికీ తెలియదు. అక్షరంలో దాచడానికి చోటుండదు.

ఆయన దగ్గర అక్రోబాట్ ప్రో లేదు. కాబట్టి నేనే సిరాలను విడివిడిగా చూపే Output Preview తెరిచి, లోపలి పేజీలో ఒక అక్షరం మీద మౌస్ పెట్టి స్క్రీన్‌షాట్ తీసి పంపాను. మూడు రంగుల దగ్గర 0, నలుపు దగ్గర 100. అందులోనే నలుపు ప్లేట్ టిక్ తీసేసి ఇంకోటి తీశాను, పేజీలోని అక్షరాలన్నీ మాయమయ్యాయి. నా పేరాలన్నిటికన్నా ఆ రెండో బొమ్మే పనిచేసిందనుకుంటా.

గీతల గురించి పెద్దగా రాయలేదు. అవి కోత గుర్తులు, కోతతో పోతాయి. రంగు, ఫొటోలు పేజీ అంచు దాటి 3 మిల్లీమీటర్లు బయటికి సాగడం కూడా కోత కోసమే. కత్తి కాస్త పక్కకు పడితే తెల్ల గీత మిగలకుండా అది కాపాడుతుంది. స్క్రీన్ ఫైల్‌లో ఈ అదనపు అంచు లేదు, అందులో ఫొటోలు కూడా అంగుళానికి 150 పిక్సెళ్లకు తగ్గించాను. ప్రెస్ ఫైల్‌లో అవి 300.

అంతా చదివి ఆయన అడిగింది: "అయితే స్క్రీన్ ఫైల్‌ను కూడా అలాగే డల్ చేసేయండి, రెండూ ఒకేలా ఉంటాయి." చేయొచ్చు. కానీ కాగితానికి ఉన్న పరిమితిని స్క్రీన్ మీద ఎందుకు మోయాలి? వెబ్‌సైట్‌లో మెరిసే లోగో పీడీఎఫ్‌లో మాత్రం వెలిసిపోతే అక్కడ ఇంకో ఫిర్యాదు మొదలవుతుంది. కాగితం మీద నీలం ఇంకా బాగా రావాలంటే దారి వేరే ఉంది. ఆ ఒక్క రంగుకు ముందే కలిపిన స్పాట్ సిరా, దానికి అయిదో ప్లేట్. నాలుగు సిరాల నీలం కన్నా అది బాగుంటుంది, స్క్రీన్‌ను మాత్రం అదీ అందుకోలేదు. అయిదో ప్లేట్ వద్దనుకున్నారు.

అసలు ఒప్పుకోవాల్సింది ప్రూఫ్‌ను అని చెప్పాను. ప్రెస్ వాళ్లు అదే ఫైల్ నుంచి, అదే ప్రొఫైల్‌తో తీసిన నమూనా అచ్చు, అంటే కలర్ ప్రూఫ్. దాన్ని 5000 కెల్విన్ వెలుతురులో, అంటే పగటి వెలుగులాంటి తెల్లని కాంతిలో చూడాలి. పసుపు బల్బు కింద చూస్తే నీలం మళ్లీ మొద్దుబారుతుంది. ప్రూఫ్ చూశాక నీలం మీద అభ్యంతరం పోయింది.

తర్వాత ఆయనే కాగితం మార్చారు, నున్నటి కోటెడ్ బదులు అన్‌కోటెడ్. అది సిరాను ఎక్కువ పీల్చుకుంటుంది, సిరా చుక్క విస్తరిస్తుంది, రంగు ఇంకా తగ్గుతుంది. ప్రొఫైల్ మారుతుంది, పట్టీలో సిరా మోతాదు చూసుకోవాలి, ప్రూఫ్ మళ్లీ తీయించాలి. ప్రెస్ ఫైల్‌ను కొత్తగా తయారుచేసి పంపాను. స్క్రీన్ ఫైల్‌ను ముట్టుకోలేదు. ఎందుకని ఈసారి ఆయన అడగలేదు.