సాయంత్రం ఐదు దాటితే

మధ్యాహ్నం తమ్ముడు బెంగళూరు నుంచి వీడియో కాల్ చేశాడు. బాపు నిటారుగా కూర్చుని, "మంచిగున్న బిడ్డా, తిన్నవా? పిల్లలెట్లున్నరు?" అని చక్కగా మాట్లాడాడు. "బాపు మంచిగనే ఉన్నడు కదక్కా, నువ్వే ఊకె టెన్షన్ పడ్తున్నవ్" అన్నాడు తమ్ముడు. డిమెన్షియా ఉన్నవాళ్లు కాసేపు ఇలా కూడగట్టుకుని మాట్లాడగలరట. కుశలమడగడం ఏళ్లనాటి అలవాటు, అంత త్వరగా పోదని డాక్టర్ చెప్పాడు. తెలిసినా ఒళ్లు మండింది. తమ్ముడి మీద కొంత, బాపు మీద ఇంకాస్త ఎక్కువ. ఉన్న మంచి పది నిమిషాలూ వాడికే.

ఐదు దాటితే మా ఇంట్లో వేరే మనిషి. వెలుతురు తగ్గి, నీడలు పెరిగేసరికి ఆయనకు ఇల్లు కొత్తదైపోతుంది. లోపలి గడియారం కూడా గతి తప్పుతుందట. అందుకే నాలుగున్నరకే లైట్లన్నీ వేసి కర్టెన్లు మూసేస్తాను. అయినా, "షిఫ్టుకు టైమైతాంది, నా అంగేది?" అని మొదలుపెట్టాడు. ఆయన పనిచేసిన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మూతపడి ఏళ్లు గడిచాయి. మొదట్లో ఆ మాటే చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు కుప్పకూలేవాడు. ఇప్పుడు చెప్పను. అంగి తొడిగి సందు చివరిదాకా నడిపించి తీసుకొస్తే, ఇంటికొచ్చేసరికి మిల్లు సంగతి మరిచిపోతాడు.

ఈరోజు అదీ పారలేదు. గేటు దగ్గర నా మణికట్టు పట్టుకుని, "ఎవలు నువ్వు? నా పైసలు తీస్కున్నవ్" అని అరిచాడు. ఎదురింటామె కిటికీలోంచి చూస్తోంది. పొద్దుటి నుంచి రెండుసార్లు పక్కబట్టలు ఉతికి, అన్నం కలిపి పెట్టింది నేను. "నోర్ముయ్!" అన్నాను. మెల్లగా కాదు, వీధంతా వినిపించేలా అన్నాను. ఆయన చెయ్యి వదిలేసి గోడకు ఒదిగిపోయాడు.

పది నిమిషాల్లో నా అరుపు ఆయనకు గుర్తులేదు. భయం మాత్రం అలాగే ఉంది. ఈ జబ్బులో జరిగింది చెరిగిపోయినా, అది మిగిల్చిన బాధ చాలాసేపు ఉంటుందట. ఎందుకో తెలియకుండానే రాత్రి నా చేతి ముద్దకు మొహం తిప్పుకున్నాడు. నేను క్షమాపణ చెప్పినా దేనికో ఆయనకు తెలియదు. తొమ్మిదింటికి పెరుగన్నం గిన్నె పక్కన పెట్టి, నేను అవతలికి వెళ్లాకే నాలుగు ముద్దలు తిన్నాడు.

ఇదెప్పుడు అయిపోతుందా అని వంటింట్లో అనుకున్నాను. అయిపోవడమంటే ఏమిటో తెలిసే అనుకున్నాను.

పడుకునే ముందు తమ్ముడికి మెసేజ్ పెట్టాను: "వచ్చే శనివారం రా. ఫోన్ కాదు, మనిషివి రా. సాయంత్రం ఐదింటికల్లా ఇంట్లో ఉండు, రాత్రికి నువ్వే చూసుకో. నేను అత్తమ్మ వాళ్లింట్లో పడుకుంట."

"లీవ్ చూస్తక్క" అన్నాడు. శనివారానికి లీవెందుకో మరి.