రష్యన్‌లో ‘వ్’, ‘నా’ తర్వాత ఏ కేస్ వాడాలి: నా ప్రిపరేషన్‌లో తేలిన విషయం

రష్యన్ భాషా పరీక్ష టీఆర్‌కేఐకి ఏ1, ఏ2 లెవెల్స్‌లో ప్రిపేర్ అవుతున్నవాళ్లకోసం రాస్తున్నాను. మొత్తం ఐదు సబ్‌టెస్టులు ఉంటాయి. వాటిలో పదజాలం, వ్యాకరణం పేపర్ మల్టిపుల్ ఛాయిస్. ఇచ్చిన ఆప్షన్లలో ఒకే నామవాచకం వేర్వేరు కేసుల్లో కనిపిస్తుంది. ‘లో’ అనే అర్థమిచ్చే ‘వ్’, ‘మీద’ అనే అర్థమిచ్చే ‘నా’ ముందు ఉన్నప్పుడు పోటీ ప్రధానంగా రెండు కేసుల మధ్యే: అక్యూజటివ్, ప్రిపోజిషనల్. రష్యన్ మాటలను ఉచ్చారణకు దగ్గరగా తెలుగులో రాస్తున్నాను.

సూత్రం చిన్నదే. ‘గ్దే’, అంటే ఎక్కడ, అన్న ప్రశ్నకు జవాబైతే ప్రిపోజిషనల్. ‘కుదా’, అంటే ఎక్కడికి, అన్న ప్రశ్నకు జవాబైతే అక్యూజటివ్. మాస్కోలో ఉన్నాను అంటే ‘వ్ మస్క్వే’, మాస్కో వెళ్తున్నాను అంటే ‘వ్ మస్క్వూ’. ముందున్న ‘వ్’ మారదు, చివరి అక్షరమే మారుతుంది.

ఇంగ్లీషు వాక్యం ఇచ్చి అనువదించమంటే చాలామంది ఇన్, ఆన్ చూసి ప్రిపోజిషనల్ పెట్టేస్తారు. ‘షి అరైవ్డ్ ఇన్ మాస్కో’ తీసుకోండి. ఇన్ ఉంది కదా అని ‘మస్క్వే’ రాస్తే తప్పు. ఆమె మాస్కోకి వచ్చింది, కాబట్టి ‘వ్ మస్క్వూ’. ఇక్కడ వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుంటే చాలు, మన ‘కి’ దారి చూపిస్తుంది.

అయితే తెలుగు అన్నిచోట్లా ఆదుకోదు. అసలు మార్కులు పోయేది అక్కడే. ‘పుస్తకం బల్ల మీద ఉంది’, ‘పుస్తకం బల్ల మీద పెట్టాను’. రెండింటిలోనూ మనకు ‘మీద’ ఒక్కటే. ‘ఎక్కడ పెట్టావు?’ అంటాం కానీ ‘ఎక్కడికి పెట్టావు?’ అనం. రష్యన్లు మాత్రం పెట్టడాన్ని కూడా ‘కుదా’తోనే అడుగుతారు. ఉంది అంటే ‘నా స్తలే’, పెట్టాను అంటే ‘నా స్తోల్’. ‘కూర్చున్నాడు’ ఇంకా చిక్కు. కుర్చీలో కూర్చున్నాడు అంటే ఇప్పుడే కూలబడ్డాడా, ముందునుంచీ అక్కడే ఉన్నాడా? తెలుగు వాక్యం రెంటికీ సరిపోతుంది. రష్యన్‌లో మొదటిదానికి ‘సేల్ నా స్తూల్’, రెండోదానికి ‘సిదీత్ నా స్తూలే’. క్రియలూ వేరు, కేసులూ వేరు. అందుకే ఇలాంటి క్రియలను విడిగా బట్టీ పట్టకుండా, పెట్టడం–ఉండటం, కూర్చోవడం–కూర్చుని ఉండటం, తగిలించడం–వేలాడుతూ ఉండటం అని జంటలుగా, పక్కనే నామవాచకంతో కలిపి రాసుకోవాలి.

కదలిక కనిపించగానే అక్యూజటివ్ అనుకోవడం కూడా ప్రమాదమే. పిల్లలు పార్కులో పరుగెడుతున్నారు అంటే ‘వ్ పార్కే’, ప్రిపోజిషనల్. ఎంత పరుగెత్తినా వాళ్లు పార్కు దాటి పోలేదు. నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: పని మొదలవక ముందు ఆ మనిషి, ఆ వస్తువు అక్కడ ఉందా? లేకపోతే, పని వల్లే అక్కడికి చేరితే, అక్యూజటివ్. ముందే ఉంటే ప్రిపోజిషనల్.

‘హి జంప్డ్ ఇన్ ద వాటర్’ మీద దీన్ని పెట్టి చూడండి. గట్టు మీంచి నీళ్లలోకి దూకాడు అనుకుంటే, దూకకముందు నీళ్లలో లేడు: ‘ప్రీగ్నుల్ వ్ వోదు’. నీళ్లలో నిలబడి గెంతుతున్నాడు అనుకుంటే ముందే అక్కడున్నాడు: ‘వ్ వదే’. ఇంగ్లీషు వాక్యం ఒక్కటే అయినా సందర్భాన్ని బట్టి రష్యన్ జవాబులు రెండు. కాబట్టి ముందూ వెనకా వాక్యాలు చదవకుండా ఆప్షన్ గుర్తించకండి. ఈ ప్రశ్నకు లొంగని క్రియలూ కొన్ని ఉన్నాయి. హోటల్లో దిగాం అన్నప్పుడు వాడే ‘అస్తనవీత్‌సా’ క్రియ తర్వాత ప్రిపోజిషనలే వస్తుంది. అలాంటివి ఎదురైనప్పుడల్లా వాక్యంతో సహా రాసిపెట్టుకోవాల్సిందే.

చివరి అక్షరం చూసి కేసును ఊహించేవాళ్లకు ఒక హెచ్చరిక. స్త్రీలింగంలో షెల్ఫ్ అనే ‘పోల్కా’ లాంటి మాటలు అక్యూజటివ్‌లో ‘పోల్కు’ అవుతాయి. అలా అలవాటై, ఉకారం కనిపిస్తే అక్యూజటివే అనిపిస్తుంది. కానీ అల్మరా, నేల, తోట, అడవి లాంటి కొన్ని పుంలింగ పదాలకు ప్రిపోజిషనల్‌లోనే ఊ వస్తుంది. చొక్కా అల్మరాలో ఉంది అంటే ‘వ్ ష్కఫూ’, అల్మరాలో పెట్టాను అంటే ‘వ్ ష్కాఫ్’. పుస్తకం నేల మీద పడింది అంటే ‘నా పోల్’, నేల మీద ఉంది అంటే ‘నా పలూ’. ఈ ఊను ఎప్పుడూ ఒత్తి పలుకుతారు, ‘పోల్కు’లో మాత్రం ఒత్తు మొదటి అక్షరం మీదే. పైకి చదువుకుంటే తేడా చెవికే తెలుస్తుంది. సముద్రం అనే ‘మోరె’ లాంటి నపుంసక పదాలకు రెండు కేసుల్లోనూ రూపం ఒకటే కాబట్టి అక్కడ తికమకే లేదు.