న్యూటన్ జీవించినది 84 ఏళ్లా, 85 ఏళ్లా?

ఏడో తరగతి చదువుతున్న మా మేనకోడలు బడిలో పెట్టే ప్రదర్శన కోసం ఐజాక్ న్యూటన్ గురించి చార్టు రాస్తూ, ఒక వెబ్‌సైట్‌లో ఆయన 84 ఏళ్లు జీవించారనీ, మరొక దానిలో 85 ఏళ్లు జీవించారనీ ఉండడం గమనించి, "మావయ్యా, వీటిలో ఏది తప్పు?" అని అడిగింది. సంఖ్య చెప్పేస్తే చార్టు పూర్తయ్యేదే కానీ, ఆ ఒక్క ఏడాది తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తనే పట్టుకుంటే బాగుంటుందనిపించి, రెండు చోట్లా వయసుతో పాటు ఏ తేదీలు ఇచ్చారో ముందు కాగితం మీద రాయమన్నాను.

85 అన్న చోట 1642–1727 అని సంవత్సరాలు మాత్రమే ఉన్నాయి. 84 అన్న చోట 1643 జనవరి 4న పుట్టి 1727 మార్చి 31న మరణించినట్లు పూర్తి తేదీలు ఉన్నాయి. మొదటిది సులువుగానే తేలిపోయింది. న్యూటన్ 1642 డిసెంబరు 25న పుట్టారనుకుంటే, 1726 డిసెంబరు 25 నాటికి 84 ఏళ్లు నిండుతాయి. 85వ ఏడు నిండాలంటే 1727 డిసెంబరు దాకా ఉండాలి, కానీ ఆయన మార్చిలోనే కన్నుమూశారు. సంవత్సరంలో నుంచి సంవత్సరాన్ని తీసివేస్తే పుట్టినరోజు వచ్చిందో లేదో ఆ లెక్కకు తెలియదు కాబట్టి, డిసెంబరులో పుట్టి మార్చిలో పోయిన మనిషికి ఒక ఏడాది ఎక్కువ చూపించింది.

అంతటితో ఆగిపోవచ్చు. కానీ ఆ పిల్ల వేలు 1642 మీద, 1643 మీద మార్చి మార్చి పెట్టి, "ఒక మనిషి రెండు సంవత్సరాల్లో ఎలా పుడతాడు?" అంది. నిజానికి అసలు ప్రశ్న ఇదే.

న్యూటన్ పుట్టేనాటికి యూరప్‌లో రెండు క్యాలెండర్లు నడుస్తున్నాయి. పాతదైన జూలియన్ క్యాలెండర్ నాలుగేళ్లకొకసారి తప్పకుండా లీపు సంవత్సరం పెట్టేది. ఆ లెక్కలో ఏడాది అసలు సౌర సంవత్సరం కన్నా సుమారు 11 నిమిషాలు ఎక్కువ కావడంతో, శతాబ్దాలు గడిచేసరికి తేదీలు ఋతువులతో పొసగకుండా పోయాయి. 1582లో పోప్ 13వ గ్రెగరీ పది రోజులు ఎత్తివేసి, 1700 వంటి శతాబ్ది సంవత్సరాలను 400తో భాగింపబడితేనే లీపుగా లెక్కించాలని నిర్ణయించారు. ఇటలీ, స్పెయిన్ వెంటనే పాటించాయి. పోప్ మాట వినని ఇంగ్లండు మాత్రం 1752 దాకా పాత క్యాలెండర్‌తోనే గడిపింది. అందువల్ల ఇంగ్లండులో 1642 క్రిస్మస్ జరుగుతున్న రోజు రోమ్‌లో 1643 జనవరి 4. పుట్టుక ఒక్కటే, రోజు ఒక్కటే, దానికి రెండు ఊళ్లలో రెండు పేర్లు.

మరణం దగ్గర ఇంకొక చిక్కు ఉంది. ఇంగ్లండు తేదీ ప్రకారం ఆయన పోయింది మార్చి 20న, కొత్త క్యాలెండర్ ప్రకారం మార్చి 31న. అంటే తేడా ఈసారి పది కాదు, పదకొండు రోజులు. 1700ను ఇంగ్లండు లీపుగా లెక్కించింది, కొత్త క్యాలెండర్ లెక్కించలేదు. ఆ పదకొండో రోజు అక్కడి నుంచి వచ్చింది. ఈ కారణాన్ని చెప్పగానే తనకు అర్థమైంది. అర్థం కానిది, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో న్యూటన్ సమాధి మీద చెక్కిన సంవత్సరం. అక్కడ రోమన్ అంకెల్లో మరణ సంవత్సరం 1726 అని ఉంది.

దీనికి మన ఉగాది అక్కరకొచ్చింది. మన సంవత్సరం జనవరి 1న మారదు, చైత్రంలో మారుతుంది. ఫాల్గుణంలో జరిగినది ఇంకా పాత సంవత్సరపు లెక్కలోకే వస్తుంది. ఇంగ్లండులో కూడా ఆ కాలంలో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మార్చి 20 అంటే వారి కొత్త సంవత్సరానికి ఇంకా ఐదు రోజులుంది, కాబట్టి సమాధి మీద 1726 అని చెక్కడంలో తప్పేమీ లేదు. గందరగోళం రాకుండా అప్పటివాళ్లలో కొందరు జనవరి, ఫిబ్రవరి, మార్చి తేదీలకు 1726/7 అని జంట సంవత్సరం రాసేవారు. 1752కు ముందరి ఇంగ్లండు తేదీ జనవరి 1కీ మార్చి 24కీ మధ్య పడిందంటే, అక్కడ ఒక క్షణం ఆగి సంవత్సరాన్ని అనుమానించాలి.

ఇక్కడొక వింత కనబడింది. సమాధి మీది 1642, 1726లను ఊరికే తీసివేస్తే 84 వస్తుంది, అది సరైన జవాబే. అదే తేదీలను మనం నేటి క్యాలెండర్‌లో లాగా అనుకుని, పుట్టినరోజు వచ్చిందా లేదా అని జాగ్రత్తగా లెక్కపెడితే 83 వస్తుంది, అది తప్పు. మోటు లెక్క గెలిచి, శ్రద్ధగా చేసిన లెక్క ఓడిపోవడం మా ఇద్దరికీ నవ్వు తెప్పించింది. ఎక్కడైనా 1643–1726 అని కనబడితే అది పుట్టుకకు ఒక క్యాలెండర్‌నూ మరణానికి మరొక దానినీ కలిపిన కలగూర.

"మరి 84 నిజమని నమ్మడం ఎలా?" అని అడిగితే, ఏళ్లు వదిలేసి రోజులు లెక్కపెట్టమన్నాను. క్యాలెండర్ ఏదైనా, మనిషి బతికిన రోజుల సంఖ్య మారదు కదా. పాత లెక్కలో 1642 డిసెంబరు 25 నుంచి 1726 డిసెంబరు 25 దాకా 84 ఏళ్లు, అందులో 21 లీపు రోజులు: మొత్తం 30,681 రోజులు. అక్కడి నుంచి మార్చి 20 దాకా మరో 85. కొత్త లెక్కలో 1643 జనవరి 4 నుంచి 1727 జనవరి 4 దాకా 84 ఏళ్లే కానీ, 1700 లీపు కాదు కనుక 20 లీపు రోజులే: 30,680. అక్కడి నుంచి మార్చి 31 దాకా 86. రెండు వైపులా కూడితే 30,766 రోజులే వచ్చాయి. మధ్యలో ఫిబ్రవరి రోజులు రెండుసార్లు లెక్కపెట్టుకుని తను కాస్త తడబడింది కానీ, చివరికి రెండు మొత్తాలూ కలిసినప్పుడు నా వివరణ కన్నా ఆ కూడికే తనను ఒప్పించింది. చార్టు మీద "84 సంవత్సరాలు" అని రాసి, కింద చిన్న అక్షరాలతో రెండు క్యాలెండర్ల తేదీలూ రాసింది.

మరుసటి రోజు, గెలీలియో మరణించిన ఏడాదే న్యూటన్ పుట్టాడని ఎక్కడో చదివిన వాక్యం తీసుకొచ్చి, అది కూడా చార్టులో పెట్టవచ్చా అని అడిగింది. గెలీలియో ఇటలీలో కొత్త క్యాలెండర్ ప్రకారం 1642 జనవరి 8న మరణించారు. ఆ క్యాలెండర్‌లో న్యూటన్ పుట్టింది 1643లో. సరే, ఇంగ్లండు క్యాలెండర్‌లోకి మార్చి చూద్దామని పది రోజులు వెనక్కి లెక్కపెట్టింది. గెలీలియో మరణం 1641 డిసెంబరు 29కి వెళ్లిపోయింది, న్యూటన్ పుట్టుక 1642లో ఉండిపోయింది. ఏ ఒక్క క్యాలెండర్‌ను పట్టుకున్నా ఇద్దరూ ఒకే సంవత్సరంలో కలవరు. ఆ వాక్యాన్ని చార్టులో రాయలేదు.