ట్రెడ్‌మిల్ లెక్క: ఆ 38 కేలరీలు దొరికాయి!

నడకలో ఖర్చయ్యే కేలరీల విషయంలో నా లెక్కకూ ట్రెడ్‌మిల్ చూపే అంకెకూ మధ్య మూడు వారాలుగా వేధిస్తున్న తేడా ఎక్కడుందో ఈ రోజు తెలిసింది. ఆ ఆనందంలోనే రాస్తున్నాను.

నా స్ప్రెడ్‌షీటులో ఉన్న లెక్క ఇది. VO2 అంటే కిలో బరువుకు నిమిషానికి శరీరం వాడే ఆక్సిజన్, మిల్లీలీటర్లలో. లీటరు ఆక్సిజన్‌కు 5 కిలోకేలరీలు, గంటకు 60 నిమిషాలు, మిల్లీలీటర్లను లీటర్లు చేయడానికి 1000తో భాగహారం. అన్నీ కలిపితే 0.3.

```
kcal/h = VO2 × kg × 0.3
```

నా బరువు 72 కిలోలు. గంటకు 6 కిలోమీటర్ల వేగం, 5 శాతం ఎత్తు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ నడక సూత్రం ప్రకారం వేగానికి 10, ఎత్తుకు 9, విశ్రాంతికి 3.5, మొత్తం VO2 22.5. అంటే గంటకు 486, అరగంటకు 243 కేలరీలు. ట్రెడ్‌మిల్ మాత్రం అరగంటకు 205 చూపించింది. ఎన్నిసార్లు నడిచినా అంతే.

మొదట లీటరుకు 5 అన్నది ఎక్కువేమో అనుకున్నాను. శరీరం పూర్తిగా కొవ్వునే వాడితే అది దాదాపు 4.69, పిండిపదార్థాలనే వాడితే దాదాపు 5.05. 4.69 వేసినా 228 వచ్చింది. 205కు ఇంకా చాలా దూరం.

తర్వాత బరువు మీద అనుమానం వచ్చింది. యంత్రం నన్ను 61 కిలోల మనిషిగా లెక్కిస్తే దాదాపు 205 వస్తుంది. అంకె అంత చక్కగా కుదరడంతో వారమంతా అదే నిజమని నమ్మి, బరువు మళ్లీ మళ్లీ నమోదు చేశాను. ఫలితం మారలేదు.

ఈ రోజు ఎత్తు సున్నాకు దించి, అదే వేగంతో అరగంట నడిచాను. నా లెక్క 146, యంత్రం 108. తేడా మళ్లీ 38! బరువు తప్పై ఉంటే తేడా కూడా అదే నిష్పత్తిలో తగ్గి 23 దగ్గర ఉండాలి. ఎత్తు మారినా తేడా కదలలేదంటే, యంత్రం ప్రతి నిమిషం ఒకే మొత్తాన్ని తీసేస్తోంది. 3.5 × 72 × 0.3 చేస్తే గంటకు 75.6, అరగంటకు 37.8. విశ్రాంతిగా కూర్చున్నా ఖర్చయ్యే కేలరీలను అది మినహాయిస్తోంది, నేను కలుపుతున్నాను. రెండూ సరైనవే. తిండి లెక్కలో కలుపుకోవడానికి నాకు యంత్రం పద్ధతే నచ్చింది, ఎందుకంటే విశ్రాంతి ఖర్చు రోజు మొత్తం లెక్కలో ముందే ఉంటుంది.

చేతివాచీ చూపే గరిష్ఠ ఆక్సిజన్ అంకెను ఈ సూత్రంలో పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. నాది 42, లెక్కిస్తే గంటకు 907 వస్తుంది. ఆ గరిష్ఠ స్థాయిలో గంటసేపు ఎవరూ పరుగెత్తలేరు.

ట్రెడ్‌మిల్ పక్క కడ్డీలు పట్టుకోకుండా నడిచినప్పుడే ఈ అంకెలు చెల్లుతాయి. వచ్చే వారం గంటకు 9 కిలోమీటర్ల పరుగు. పరుగు సూత్రంతో 33.5, అంటే గంటకు 724. విశ్రాంతి తీసేస్తే 648. యంత్రం అరగంటకు 324 చూపిస్తుందేమో చూడాలి.