ఇంటి నాస్ పెట్టెను బయటి నుంచి అందుకున్న విధానం: నా అనుభవం

విజయవాడలోని మా ఇంట్లో ఉన్న నాస్ పెట్టెలో, అంటే ఇంటి నెట్‌వర్క్‌కు కలిపిన డిస్కుల పెట్టెలో, కుటుంబం ఫొటోలు, పొలం దస్తావేజుల స్కాన్లు భద్రపరిచాము. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న నాకు అవి తరచూ అవసరమవుతాయి. సొంత డిస్కులు ఉండగా క్లౌడ్‌కు నెలనెలా డబ్బు కట్టడం నాకు ఇష్టం లేదు.

ఇందుకు సాధారణంగా చెప్పే మార్గం రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను ఇంట్లోని పరికరానికి పంపేలా రూటర్‌లో దారి తెరవడం. అది పనిచేస్తుందో లేదో ముందే తేల్చుకోవచ్చు. రూటర్ సెట్టింగులలో WAN IP దగ్గర ఉన్న చిరునామాను, అదే ఇంటి నుంచి గూగుల్‌లో "what is my ip" అని వెతికితే వచ్చే చిరునామాతో పోల్చి చూడాలి. మా రూటర్‌లో 100.72తో మొదలయ్యే చిరునామా ఉంది, బయటికి కనిపించేది వేరొకటి. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాలు ఇంటర్నెట్ సంస్థల లోపలి వాడకానికి ప్రత్యేకించినవి. ఒకే పబ్లిక్ చిరునామాను అనేక ఇళ్లకు పంచే ఈ సీజీనాట్ పద్ధతిలో, బయటి నుంచి వచ్చే కనెక్షన్ సంస్థ పరికరం దగ్గరే ఆగిపోతుంది కనుక, మన రూటర్‌లో పోర్టు తెరిచినా ప్రయోజనం ఉండదు. పబ్లిక్ చిరునామా దొరికినా నేను ఆ దారి పట్టేవాడిని కాను, ఎందుకంటే 2022లో డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న నాస్ పెట్టెలనే వెతికి మరీ ఫైళ్లకు తాళం వేసింది.

అందుకే టెయిల్‌స్కేల్‌ను ఎంచుకున్నాను. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి ఆధారంగా నడిచే ఈ సేవ వ్యక్తిగత వాడకానికి ఉచితం. ఇందులో నాస్, ఫోన్ రెండూ తమంతట తామే బయటికి కనెక్షన్ మొదలుపెట్టి ఒకదానినొకటి కలుసుకుంటాయి కాబట్టి సీజీనాట్ అడ్డు రాదు. నాస్ ప్యాకేజీల జాబితా నుంచి దానిని ఇన్‌స్టాల్ చేసి, ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ అదే ఖాతాతో లాగిన్ అయ్యాను. ఆ తరువాత ల్యాప్‌టాప్‌లో నాస్‌కు టెయిల్‌స్కేల్ ఇచ్చిన చిరునామాను టైపు చేయగానే, ఇంట్లో కనిపించే ఫోల్డర్లే ఇక్కడా తెరుచుకున్నాయి.

ఒక సెట్టింగును మాత్రం ఊరు వదిలే ముందే మార్చాలి. ప్రతి పరికరం లాగిన్ మామూలుగా 180 రోజులకు ముగుస్తుంది. నాస్ విషయంలో అలా జరిగితే మళ్లీ లాగిన్ చేయడానికి సాధారణంగా ఇంటికే వెళ్లవలసి వస్తుంది. అడ్మిన్ పేజీలోని Machines జాబితాలో నాస్ పక్కన Disable key expiry ఎంచుకుంటే ఆ బెడద ఉండదు.

వేగం తగ్గినప్పుడు కారణం తెలుసుకోవడానికి ల్యాప్‌టాప్‌లో ఈ ఆదేశం ఇస్తాను (nas అన్నది మా పెట్టె పేరు):

```
tailscale ping nas
```

జవాబులో "via DERP" అని మాత్రమే వస్తూ ఉంటే, సమాచారం నేరుగా కాక మధ్యలోని రిలే సర్వర్ మీదుగా వెళుతోందని అర్థం. నేరుగా కలవడానికి టెయిల్‌స్కేల్ వాడే యూడీపీ అనే పద్ధతిని అడ్డుకునే మా ఆఫీసు వైఫైలో అలాగే వస్తుంది; దస్తావేజులు తెరుచుకుంటాయి కానీ వీడియో ఆగి ఆగి నడుస్తుంది. నేరుగా కలిసినప్పుడు కూడా ఇంటి కనెక్షన్ అప్‌లోడ్ వేగమే హద్దు. మాకు ఉన్న 40 ఎంబీపీఎస్‌తో సెకనుకు 5 మెగాబైట్లకు మించి రావు కనుక, ఒక జీబీ వీడియో దిగడానికి మూడు నిమిషాలకు పైగానే పడుతుంది.